శ్రావణానికి పాత పట్టుచీరకు రంగు మార్పిస్తున్నారా? ముందు జరీ చూసుకోండి

పాత రంగు తీయించకండి. అందుకు వాడే హైడ్రోస్‌లో గంధకం ఉంటుంది, అది తగిలితే వెండి జరీ నల్లబడుతుంది. బ్లీచింగ్ ఇంకా ప్రమాదం, అది పట్టునే తినేస్తుంది. ఉన్న రంగు మీదే ముదురు రంగు వేయించుకోండి. పసుపు చీర మీద నీలం వేస్తే ఆకుపచ్చే వస్తుంది, మెరూన్ అయితే చక్కగా కుదురుతుంది.

జరీ ఏదో తేల్చుకోండి. అంచు చివర ఒక పోగు లాగి గోటితో గీకండి. లోపల ఎర్రటి పట్టుదారం, దాని చుట్టూ తీగ కనిపిస్తే అసలు వెండి జరీ కావచ్చు. మెరుపు పొరలా ఊడొస్తే ప్లాస్టిక్ జరీ. రంగు వేసే మరిగే నీళ్లలో అది ముడుచుకుపోయి మెరుపు పోవచ్చు.

అంచును ప్లాస్టిక్ కవరుతో బిగించి కట్టమనండి. జరీకి రంగు పట్టదు కానీ మధ్యలోని పట్టుపోగులు పీల్చుకుంటాయి, అప్పుడు జరీ మసకగా కనిపిస్తుంది.

మడత దగ్గర మెల్లగా లాగి చూడండి. చిరుగుతుంటే రంగు వేయించొద్దు, ఆ వేడికి ఇంకా చీలుతుంది.

అద్దకం అయ్యాక పిండకుండా, నీడలో ఆరేయండి.