సమీక్షా సమావేశం తర్వాత దాతలకు ఉత్తరం ఎలా రాయాలి? – ఒక తాగునీటి పథకం ఉదాహరణగా

సమావేశంలో తెర మీద "600 కుటుంబాలకు సురక్షిత నీరు" అని ఒక స్లైడ్ కనిపిస్తుంది. పక్కన నిలబడిన కోఆర్డినేటర్ "వీటిలో కొన్ని ఇళ్లకు తాళాలు ఉన్నాయి, నీళ్లు పట్టుకెళ్లే కార్డులు ఇంకా అందరికీ ఇవ్వలేదు" అని నోటితో చెబుతారు. వారం తర్వాత అదే స్లైడ్‌లోని వాక్యం ఉత్తరంలోకి ఎక్కుతుంది. నోటితో చెప్పిన మాట మాత్రం ఎక్కదు. సమావేశానికి రాలేని దాత చేతికి చేరేది ఆ సగం నిజమే. అందుకే స్లైడ్ పక్కన నోటితో చెప్పిందంతా రాతలో పెట్టడమే ఈ ఉత్తరంలో అసలు పని.

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడ మూడు ఊళ్లలో ఆర్‌వో నీటి ప్లాంట్లు నడిపే ఒక సంస్థ ఉందనుకుందాం. కింద వాడిన అంకెలు రాసే పద్ధతి చూపించడానికి వేసుకున్నవే.

ముందుగా, సమావేశం ముగిసిన రాత్రే స్లైడ్ల ప్రింటు దగ్గర పెట్టుకుని, ఏ స్లైడ్ దగ్గర ఎవరు ఏమి అడిగారో పెన్నుతో రాసుకోండి. రెండు రోజులు గడిస్తే ప్రశ్నలు గుర్తుంటాయి గానీ, మనం తడబడిన చోట్లు గుర్తుండవు. ఉత్తరానికి పనికొచ్చేవి ఆ తడబడిన చోట్లే. ఇరవై స్లైడ్లు చూపించి ఉంటే ఉత్తరానికి మూడు చాలు: నీరు ఎవరు వాడుతున్నారు, ఆ నీరు నిజంగా మంచిదేనా, డబ్బు ఎక్కడ ఖర్చయింది. మిగతావి అడిగినవారికి జతచేసి పంపవచ్చు.

ఇక అంకె దగ్గరకు వద్దాం. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మూడు ఊళ్లలో కలిపి 600 ఇళ్లు ఉన్నాయి. నీటి కార్డులు ఇచ్చింది 480 ఇళ్లకు. మార్చి నెలలో 80 ఇళ్లకు తాళాలు ఉన్నాయి, ఆ కుటుంబాలు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లాయి. అంటే ఊళ్లో ఉన్నవి 520 ఇళ్లు. ప్లాంటు యంత్రంలో కార్డు నమోదులు తీసి చూస్తే, ఆ నెలలో ఒక్క క్యాను అయినా పట్టుకెళ్లినవి 360. స్లైడ్ మీది 600 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. అది ప్లాంటు అందుబాటులో ఉన్న ఇళ్ల సంఖ్య, నీళ్లు తాగిన ఇళ్ల సంఖ్య కాదు.

అక్కడితోనూ ఆగకండి. ఐదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ కలిపి రోజుకు దాదాపు 20 లీటర్లు, అంటే ఒక క్యాను కావాలి. రెండు రోజులకో క్యాను తీసుకునే ఇల్లు తాగడానికి మాత్రమే ప్లాంటు నీరు వాడుతూ అన్నం, పప్పు బోరు నీళ్లతో వండుతూ ఉండవచ్చు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది, అన్నం పీల్చుకున్న నీటితో పాటు అది కడుపులోకి వెళ్తుంది. నెలకు 25 క్యాన్లు దాటినవి 210 ఇళ్లే అయితే, ఉత్తరంలో నిలబడగల అంకె ఆ 210. కార్డు లెక్క సరిపోలుతోందో లేదో తెలుసుకోవాలంటే కొన్ని ఇళ్లకు వెళ్లి "ప్లాంటు నీళ్లు వాడుతున్నారా అమ్మా?" అని కాకుండా "నిన్న అన్నం ఏ నీళ్లతో వండారు?" అని అడగాలి. మొదటి ప్రశ్నకు మర్యాద కోసం అందరూ అవుననే అంటారు. రెండో ప్రశ్నకు వంటింటి వైపు చూసి, అక్కడున్న బిందెను చూపిస్తూ జవాబు చెబుతారు.

అప్పుడు ఉత్తరంలో పేరా ఇలా వస్తుంది:

"సమావేశంలో 600 కుటుంబాలకు నీరు అందుబాటులోకి వచ్చిందని చూపించాము. మార్చిలో ఊళ్లో ఉన్న 520 ఇళ్లలో 360 ఇళ్లవారు ప్లాంటు నీరు తీసుకెళ్లారు. వంటకు కూడా సరిపడేంత తీసుకున్నవి 210 ఇళ్లు. మిగిలిన 150 ఇళ్లవారు వంటకు ఇప్పటికీ బోరు నీరే వాడుతుండవచ్చని మా అనుమానం. రాబోయే మూడు నెలలు మా పని ఈ ఇళ్ల మీదే. నీళ్లు అసలు తీసుకెళ్లని 160 ఇళ్లకు కూడా వెళ్లి కారణం అడుగుతాము."

600 కన్నా 210 చిన్నదని భయపడి ఈ పేరాను కొట్టేసిన ఉత్తరాలు నేను చూశాను. దాత దీన్ని చదివితే తన డబ్బు తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. 600 అని చదివితే పని అయిపోయిందనుకుంటారు.

నీటి నాణ్యత గురించి రాసేటప్పుడు ఒక పొరపాటు చాలా తరచుగా జరుగుతుంది. ప్లాంటు దగ్గర టీడీఎస్ మీటరు పెట్టి చూపిన అంకెను ఫ్లోరైడ్ తగ్గిందనడానికి రుజువుగా రాస్తారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది గానీ, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఫ్లోరైడ్‌కు విడిగా పరీక్ష చేయించాలి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు. ఉత్తరంలో బోరు నీటి ఫలితం, ప్లాంటు నీటి ఫలితం, నమూనా తీసిన తేదీ, పరీక్షించిన ప్రయోగశాల, ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఉండాలి. తేదీ ఎందుకంటే, ప్లాంటులో నీటిని వడకట్టే పొర పాతబడితే ఫలితం మారిపోతుంది. ఏడాది కిందటి కాగితం ఈ రోజు నీటికి హామీ ఇవ్వదు.

ఆరోగ్యం మాట వచ్చినప్పుడు కలం ఆపుకోవాలి. "పిల్లల్లో ఫ్లోరోసిస్ తగ్గింది" అని ఏడాది పనికి రాయకూడదు. పళ్ల మీద మచ్చలు పడేది పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఒకసారి పడ్డాక నీరు మార్చినా అవి పోవు. ఐదో తరగతి పిల్లవాడి నవ్వులో ఈ పథకం ఫలితం వెతకడం తప్పు. ఇప్పుడు పుట్టిన బిడ్డ పళ్లలో కొన్నేళ్ల తర్వాత వెతకాలి. తొందరగా తెలుసుకోదలిస్తే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఉంది, ఒంట్లోకి వెళ్లేది తగ్గితే అందులోనూ తగ్గుతుంది. ఆ పరీక్ష చేయించకపోతే "ఆరోగ్యంలో మార్పును మేము ఇంకా కొలవలేదు" అని రాయండి.

అలాగే, మచ్చల పళ్లు కనిపించే పిల్లల ఫొటోలు ఉత్తరంలో పెట్టకండి. తెర మీద నిమిషం కనిపించి పోయే ఫొటో వేరు, దాతల ఫోన్లలో ఏళ్ల తరబడి ఉండిపోయే ఫొటో వేరు. ఆ పిల్ల రేపు అదే ఊళ్లో పెద్దదవుతుంది. ప్లాంటు ముందు వరుసగా పెట్టిన క్యాన్ల ఫొటో సరిపోతుంది.

ఖర్చుల పేరా చిన్నదిగా ఉండవచ్చు. విరాళంగా వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత, నీళ్ల అమ్మకం మీద ఊరి నుంచి వచ్చింది ఎంత అన్నది చాలు. చివరిది మరచిపోతుంటారు, కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం దానితోనే గడుస్తున్నాయో లేదో దాతకు తెలియాలి. ప్లాంటు బయటకు వదిలే వృథా నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పండి. బోరు నీటిలోని ఫ్లోరైడ్‌లో చాలా భాగం చిక్కబడి అందులోనే ఉంటుంది. అది ఏ కాలువలోకి పోతోందని సమావేశంలో ఎవరైనా అడిగి, మీ దగ్గర జవాబు లేకపోతే, ఆ ప్రశ్నను యథాతథంగా రాసి, ఏ తేదీలోగా తెలుసుకుని చెబుతారో పక్కన రాయండి.

పంపే ముందు ఉత్తరాన్ని ఇద్దరికి చదివి వినిపించండి. లెక్కలు చూసే వ్యక్తి ఖర్చు అంకెలు సరిచూస్తారు. రెండోవారు ప్లాంటు ఆపరేటరు. "210 ఇళ్లా? ఫలానా వీధివాళ్లు ఒకే కార్డు మీద రెండిళ్లకు పట్టుకెళ్తారండీ" అని చెప్పగలిగేది ఆయనొక్కరే. ఆ మాట వింటే అంకె పక్కన ఇంకో వాక్యం చేర్చి, సమావేశం జరిగిన పది రోజుల్లోపు ఉత్తరం పంపించండి.