యాంటీఅరిథ్మిక్ మందులా? ఈసీజీ గీసుకోండి

గుండె లయను సరిచేసే ఈ మందులను నాలుగు క్లాసులుగా విడగొట్టే వాన్ విలియమ్స్ వర్గీకరణను పేర్లతో బట్టీ పట్టే బదులు, కాగితం మీద ఒక ఈసీజీ గీసి దాని మీదే మందులు రాసుకోండి.

ఒకటో క్లాసు సోడియం ఛానెళ్లను అడ్డుకుంటుంది, ఫ్లెకైనైడ్‌తో క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. మూడోది పొటాషియం బయటికి పోవడాన్ని ఆపుతుంది కాబట్టి సోటలాల్‌తో క్యూటీ సాగుతుంది, మరీ సాగితే టోర్సాడ్స్ ప్రమాదం. నాలుగోది కాల్షియం. వెరపమిల్ ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేసి పీఆర్ పెంచుతుంది. రెండో క్లాసు బీటా బ్లాకర్లు కూడా పీఆర్ పెంచుతాయి, కానీ వాటి గురి ఛానెల్ కాదు, రిసెప్టర్.

పరీక్ష ప్రశ్నలో క్యూఆర్‌ఎస్, క్యూటీ రెండూ పెరిగాయా? క్వినిడిన్ లాంటి 1ఏ మందు అనుకోండి, అది సోడియంతో పాటు పొటాషియాన్నీ ఆపుతుంది. పీఆర్ కూడా పెరిగి, పైగా థైరాయిడ్ తేడా ఇచ్చారంటే అమియోడరోన్. పుస్తకంలో మూడో క్లాసే గానీ, అది నాలుగు క్లాసుల పనీ చేస్తుంది!