ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో ఆగిపోతే 'End Test' నొక్కకండి

మొన్న శనివారం వానకి మధురవాడలో కరెంటు పోయి, అయిదు నిమిషాల్లో వచ్చింది. ఆ గొడవలో మా కాలేజీ అమ్మాయి ఒకామె ఉద్యోగ అవకాశం పోగొట్టుకుంది. పోగొట్టింది కరెంటు కాదు, ఆ తర్వాత తను నొక్కిన ఒక బటన్. ముందు ఇంకా తుపాన్ల రోజులున్నాయి, మీ టెస్టులూ ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

జరిగింది ఇది. టెస్ట్ 10 గంటలకు మొదలైంది, వ్యవధి 90 నిమిషాలు. 10:42కి హాస్టల్ వైఫై ఆగింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, రూటర్‌కి లేదు. 10:47కి నెట్ వచ్చినా రెండో సెక్షన్ తెరుచుకోలేదు. తెల్ల పేజీ, మూలన టైమర్ మాత్రం కదులుతోంది. రాసినవన్నీ పోతాయేమోనన్న టెన్షన్‌లో 10:51కి 'End Test' నొక్కేసింది. మర్నాడు రాత్రి "నెట్‌వర్క్ ప్రాబ్లం సర్, ఇంకో ఛాన్స్ ఇవ్వండి" అని మెయిల్ పెట్టింది. ఒక్క వాక్యం జవాబు వచ్చింది: 10:51కి మీరే సబ్మిట్ చేసినట్టు రికార్డులో ఉంది.

నెట్ తెగినప్పుడు అవతలి సర్వర్‌లో మీ కనెక్షన్ పోయిన సమయం నమోదవుతుంది. అదే మీకు సాక్ష్యం. మీరు 'End Test' నొక్కితే దాని పక్కనే 'అభ్యర్థి ముగించారు' అని ఇంకో గుర్తు పడుతుంది, మళ్లీ లోపలికి వెళ్లే దారీ మూసుకుపోతుంది. నొక్కకపోయినా, చాలా ప్లాట్‌ఫారాల్లో అప్పటిదాకా సేవ్ అయిన జవాబులు టైమ్ అయిపోగానే వాటంతట అవే సబ్మిట్ అవుతాయి. కాబట్టి భయపడి నొక్కినందువల్ల మిగిలేది ఏమీ లేదు.

టెస్ట్‌కి ముందు

ఆహ్వాన మెయిల్‌లో ఉన్న సపోర్ట్ అడ్రస్, ఫోన్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోండి. నెట్ పోయాక ఆ మెయిల్ తెరుచుకోదు. నియమాలు ఒప్పుకుంటే ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కలిపి చూసుకోండి.

ఆగిపోయినప్పుడు

మొదట గడియారం చూసి సమయం రఫ్ పేపర్ మీద రాయండి. చాట్ పనిచేస్తుంటే ప్రాక్టర్‌కి చెప్పండి. తర్వాత అదే లింకుతో మళ్లీ లాగిన్ అవండి, చాలాసార్లు ఆగిన చోటి నుంచే తెరుచుకుంటుంది. ఫోటో కోసం ఫోన్ తీసేముందు ఆలోచించండి. కెమెరా నిఘా ఉన్న టెస్టులో ఫోన్ కనిపిస్తే కాపీ కింద లెక్కగట్టవచ్చు. ప్రాక్టర్ అనుమతి ఇస్తేనే తీయండి, లేకపోతే రాసుకున్న సమయం చాలు. 'End Test' నొక్కకండి.

మెయిల్

టెస్ట్ సమయం అయిపోగానే, అదే గంటలో పంపండి. మర్నాడు కాదు, రిజల్ట్ చూశాక అసలే కాదు. ఆ అమ్మాయి నొక్కకుండా ఆగి ఉంటే ఇంత రాస్తే సరిపోయేది:

"నమస్కారం. నా రిజిస్ట్రేషన్ నంబర్ ఫలానా. ఈరోజు 10 గంటల టెస్టులో 10:42 నుంచి 10:47 వరకు (భారత కాలమానం) కరెంటు పోయి నా కనెక్షన్ తెగింది. మళ్లీ లాగిన్ అయినా రెండో సెక్షన్ తెరుచుకోలేదు. నేను టెస్ట్ ముగించలేదు. దయచేసి మీ లాగ్స్ పరిశీలించి, వీలైతే మిగిలిన సెక్షన్ రాయడానికి, లేదంటే వేరే ప్రశ్నపత్రంతో మరోసారి రాయడానికి అవకాశం ఇవ్వగలరు."

భారత కాలమానం అని రాయమనడానికి కారణం ఉంది. సర్వర్ లాగ్స్ తరచుగా యూటీసీలో ఉంటాయి, మనకంటే 5:30 గంటలు వెనక. ఆ మాట లేకపోతే వాళ్లు వెతికే చోట ఏమీ కనిపించకపోవచ్చు.

కరెంటు పోయిందనడానికి రుజువు మీ విండోస్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. టెస్ట్ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

battery-report.html అనే ఫైలు సేవ్ అవుతుంది, ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే, ఛార్జర్ మీద నుంచి బ్యాటరీ మీదకి ఎప్పుడు మారిందో 'Recent usage' కింద సమయంతో సహా కనిపిస్తుంది. ప్లగ్‌లో పెట్టి రాసిన వాళ్లకే ఇది పనికొస్తుంది. కొద్ది రోజుల వివరాలే ఉంటాయి కాబట్టి ఆరోజే తీసి మెయిల్‌కి జతచేయండి.

ఇక మిగిలినవి.

అయిదు నిమిషాలు పోతే అయిదు అనే రాయండి. అరగంట అని రాస్తే లాగ్‌తో పోల్చి చూస్తారు, మెయిల్ అక్కడితో ముగిసినట్టే.

హాట్‌స్పాట్‌కి మారితే ఎన్నింటికి మారారో చెప్పండి. ఐపీ అడ్రస్ మారడం చూసి ఇంకెవరో రాశారనుకోవచ్చు.

ఇంట్లో కష్టాలు రాయకండి.

ఒక్క అడ్రస్‌కే పంపండి, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కాపీలో పెట్టండి. పదిమందికి ఫార్వర్డ్ చేయకండి. హెచ్ఆర్ పర్సనల్ నంబర్‌కి ఫోన్ చేయకండి.

రెండు పనిదినాలు ఆగి, అదే మెయిల్ కింద ఒక్కసారి గుర్తు చేయండి.

ఫ్రెండ్ "సబ్మిట్ కొట్టేయ్, తర్వాత చూద్దాం" అంటే వినకండి. 'End Test' నొక్కకండి.

రెండో లింకు వస్తే అదే గదిలో, అదే వైఫై మీద కూర్చోకండి. ఒకరోజు ముందు నాకు చెప్పండి, జనరేటర్ ఉన్న ల్యాబ్ తెరిపిస్తాను.