ఎండలు ముదరకముందే: లాంగ్ రన్‌లో హార్ట్ రేట్ చూసుకునేవాళ్లకు జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా కోనసీమలో కాలవ గట్ల మీద పరుగెత్తేవాళ్లకి ఆ తర్వాత నుంచి వాచీ చెప్పే లెక్కలు మారిపోతాయి. మారింది ఫిట్‌నెస్సా, వాతావరణమా అన్నది తేల్చుకోకపోతే అనవసరమైన టెన్షన్, ఒక్కోసారి ప్రమాదం కూడా.

ఒకే వేగంతో గంటకు పైగా పరుగెడుతుంటే హార్ట్ రేట్ మెల్లగా పైకి పాకుతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. ఒళ్లు వేడెక్కేకొద్దీ రక్తం చర్మం వైపు ఎక్కువగా పోతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది. గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి వెళ్లే రక్తం తగ్గుతుంది కాబట్టి ఎక్కువసార్లు కొట్టుకుని సర్దుకుంటుంది. డెల్టాలో ఉక్క ఎక్కువ. చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు.

లెక్క తేలికే. మొదటి 15 నిమిషాలు వదిలేయండి. మిగతా సమయాన్ని రెండు సగాలు చేసి, ఒక్కో గుండె చప్పుడుకి ఎన్ని మీటర్లు వెళ్లారో చూడండి. రెండో సగంలో అది ఎంత శాతం తగ్గితే డ్రిఫ్ట్ అంత. 5 శాతం లోపే తగ్గితే ఆ వేగాన్ని అంతసేపు మీ ఒళ్లు తట్టుకుంటోందని కోచ్‌లు లెక్కేస్తారు. అది మోటు కొలతే, శాసనం కాదు.

మా బావ సంగతి చెబుతాను. జనవరిలో 40 నిమిషాల సగాలు రెండూ ఆరేసి కిలోమీటర్లు, అంటే నిమిషానికి 150 మీటర్లు. సగటు హార్ట్ రేట్ మొదట 140, తర్వాత 145. చప్పుడుకి 1.07 మీటర్ల నుంచి 1.03కి దిగింది, డ్రిఫ్ట్ మూడున్నర శాతం లోపే. మార్చి చివర్లో అదే గట్టు, అదే వేగం, కానీ ఆరున్నరకి బయల్దేరాడు. 146 నుంచి 160కి పోయింది. డ్రిఫ్ట్ దాదాపు 9 శాతం. "నా కష్టమంతా గోదాట్లో కలిసిపోయింది రా" అని ఫోన్ చేశాడు. మరుసటి ఆదివారం పావుతక్కువ అయిదుకే, నీళ్ల సీసాతో వెళ్లమన్నాను. 142, 148. డ్రిఫ్ట్ 4 శాతం. వారంలో ఎవరి ఫిట్‌నెస్సూ అలా పోయి ఇలా రాదు కదా, పోయింది చల్లదనం, నీళ్లు.

అందుకే చలి పూర్తిగా పోకముందే ఒక పరుగు కొలిచి రాసిపెట్టుకోండి. బయల్దేరిన టైము, అప్పటి ఉష్ణోగ్రత, దారి, తాగిన నీళ్లు, ముందూ తర్వాతా బరువు. 70 కిలోల మనిషి కిలోన్నర దాకా తగ్గి వస్తే ఆ రోజు డ్రిఫ్ట్‌లో నీటి లోటు వాటా ఉంటుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉంటే సగాల పోలిక చెడుతుంది. రెండు కిలోమీటర్ల ముక్కనే అటూ ఇటూ తిరగడం విసుగే, కానీ లెక్క నిలబడుతుంది.

ఎక్కువమంది పడే గొయ్యి ఇంకొకటి ఉంది. "నా హార్ట్ రేట్ 148 దగ్గరే నిలబడింది, డ్రిఫ్టే లేదు" అంటారు. దూరం చూస్తే మొదటి సగం 6 కిలోమీటర్లు, రెండోది 5.6. తెలియకుండా వేగం తగ్గింది, దాంతో గుండె నిలకడగా కనబడింది. నిజానికి అక్కడ డ్రిఫ్ట్ 6 శాతం పైనే. మణికట్టు వాచీ వదులుగా ఉంటే ఒక్కోసారి నాడికి బదులు అడుగుల లెక్కనే పట్టుకుంటుంది. నెమ్మదిగా పోతున్నా 170 దగ్గర అతుక్కుపోయిందంటే అనుమానించండి. ఛాతీ బెల్టు నయం.

ఏప్రిల్‌లో డ్రిఫ్ట్ తగ్గడం మొదలైతే వెంటనే పండగ చేసుకోకండి. రోజూ వేడిలో పరుగెడితే పది, పద్నాలుగు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది. అది ఎండకి అలవాటు పడటం. ఏరోబిక్ ఫిట్‌నెస్ పెరిగిందనాలంటే అదే వేగానికి మొదటి సగం హార్ట్ రేట్ కూడా దిగాలి, వాతావరణం కూడా మొదటి కొలత నాటిలాగే ఉండాలి. నన్నడిగితే ఆ తీర్పు డిసెంబరు దాకా వాయిదా వేస్తాను.

వేసవిలో వేగం పట్టుకు వేలాడకండి, మామూలు తేలిక పరుగు హార్ట్ రేట్ దాటుతుంటే నడవండి. ఎండలో చలి పుట్టినా, తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా పరుగు అక్కడితో సరి. నీడకి చేరి ఒంటి మీద నీళ్లు పోసుకోండి. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఒక పక్క నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి. వేసవిలో కాలవలు కట్టేస్తారు, గట్టు పక్కన నీళ్లుంటాయని నమ్ముకోకుండా రెండో సీసా చేతిలో ఉంచుకోండి.