రేకుల కప్పు లెక్క – 4వ పాఠం: ఎండ్ ల్యాప్ కింద పర్లిన్ ఉందా?

గత పాఠంలో వాలు పొడవు కట్టాం. అడ్డంగా 6 మీటర్లు, ఎత్తు తేడా 1.1 మీటర్లు ఉన్న ఒంటి వాలు షెడ్డుకు అది 6.10 మీటర్లు వచ్చింది. చూరు దగ్గర రేకు బయటికి వచ్చే 0.15 కలిపితే 6.25. షెడ్డు పొడవు 15, రెండు కొసల్లో 0.15 చొప్పున కలిపితే 15.30.

ముందు పక్కల లెక్క చూద్దాం. మన రేకు మొత్తం వెడల్పు 1.10, పక్క రేకు మీద ఎక్కే భాగం, అంటే సైడ్ ల్యాప్, 0.08. అంటే మొదటి రేకు 1.10 కప్పుతుంది, ఆ తర్వాత ప్రతి రేకూ 1.02 మాత్రమే. కాబట్టి 15.30లోంచి 0.08 తీసేసి 1.02తో భాగించాలి. 14.92 వస్తుంది కనుక 15 రేకులు. ల్యాప్ మరచి 1.10తో భాగిస్తే 14 అని వస్తుంది. అవి తెచ్చి పరిస్తే చివర్లో దాదాపు 94 సెంటీమీటర్లు ఆకాశం కనిపిస్తుంది!

వాలు వెంట రెండు రేకులు, మధ్యలో పై రేకు కింది రేకు మీద ఎక్కే ఎండ్ ల్యాప్ 0.15 అనుకుందాం. 6.25కు 0.15 కలిపి సగం చేస్తే ఒక్కో రేకు 3.20. మొత్తం 30 రేకులు. వాలు ఇంకా తక్కువైతే ల్యాప్ పెంచాలి, అప్పుడు రేకు పొడవూ పెరుగుతుంది.

ఇక రేకుల కింద వాటిని మోసే అడ్డ దూలాలు, అంటే పర్లిన్లు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చూరు అంచు నుంచి కొలిస్తే మొదటి పర్లిన్ 0.15 దగ్గర, చివరిది 6.20 దగ్గర. మధ్య దూరం 6.05. ఈ రేకుకు పర్లిన్ల ఎడం 1.25 దాటకూడదనుకుంటే, 5 ఎడాలు, 6 వరసలు సరిపోతాయని అనిపిస్తుంది. కానీ ఆ వరసలు 2.57 దగ్గర, 3.78 దగ్గర పడతాయి. ల్యాప్ 3.05 నుంచి 3.20 వరకు ఉంది. అంటే రెండు రేకులు కలిసే చోటు గాలిలో వేలాడుతుంది. అక్కడ కాలు పెడితే కింది రేకు వంగి సందు తెరుచుకుంటుంది. వానకు ఆ సందులోకి నీరు పాకుతుంది. కొన్నాళ్లకు లోపలి నుంచి చూస్తే ల్యాప్ పొడవునా తుప్పు గీత కనిపిస్తుంది.

అందుకే నేను ముందు ల్యాప్ నడిమికి, అంటే 3.125 దగ్గర, ఒక పర్లిన్ ఖాయం చేస్తాను. దాని కింద 2.975, పైన 3.075 మిగులుతాయి. రెండింటికీ మూడేసి ఎడాలు. ఒక్కో ఎడం మీటరుకు అటూ ఇటూ వస్తుంది. మొత్తం 7 వరసలు. ఒక వరస ఎక్కువైనా అది దండగ కాదు.

ఒక్కో వరస 15.30. పర్లిన్లను మోసే ట్రస్సులు 2.5 మీటర్లకొకటి, జెడ్ పర్లిన్లు 6 మీటర్లవి, అతుకు ల్యాప్ 0.30 అనుకుందాం. అతుకు ట్రస్సు మీదే పడాలి కనుక మొదటి ట్రస్సు నుంచి 5 దగ్గర ఒకటి, 10 దగ్గర ఒకటి. 15.30కి రెండు అతుకుల 0.60 కలిపితే 15.90, అంటే 5.30 చొప్పున మూడు ముక్కలు. 7 వరసలకు 21 పర్లిన్లు కొనాలి. ఒక్కోదానిలో 0.70 కోతలో పోతుంది.

ఈసారి కొసల్లో 0.15కు బదులు 0.30 పెట్టి చూడండి. రేకులెన్ని అవుతాయి, ఏ ముక్కల పొడవు మారుతుంది, ఏది మారదు? జవాబు వచ్చే పాఠంలో.