సైట్ పాఠాలు – 4: స్లంప్ చూశాక క్యూబ్‌లు నింపడం

గత పాఠంలో స్లంప్, అంటే కోన్ లేపాక పచ్చి కాంక్రీటు ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో, ఎలా తీయాలో చెప్పి, మీ సైట్‌లో ఒకసారి తీసి చూడమన్నాను. తీసి రాసినవాళ్ళలో చాలామంది అడిగింది ఒకటే. ఒకే లోడ్‌లో మొదట 150 వచ్చింది, కాసేపాగి తీస్తే 100 వచ్చింది, ఏది రాసుకోవాలి అని. కొందరు కోన్‌ని మూడు పొరల్లో నింపాలా, నాలుగు పొరల్లోనా అని కూడా అడిగారు. దానికి జవాబు చిన్నదే కాబట్టి ముందు అది చెప్పేస్తాను. 1959 నాటి ఐఎస్ 1199 కోడ్‌లో నాలుగు పొరలు, 2018లో వచ్చిన కొత్తదాంట్లో మూడు పొరలు. పొరకి రాడ్‌తో 25 పోట్లు మాత్రం రెండింట్లోనూ ఉన్నాయి. ఇప్పుడు మూడే వేయండి.

మొదటి ప్రశ్న మాత్రం అంత చిన్నది కాదు. అది తేలకుండా, బలం చూడటానికి పోసే క్యూబ్‌ల జోలికి వెళ్తే తప్పు శాంపిల్‌తో చక్కటి క్యూబ్‌లు చేసినట్టవుతుంది. అందుకే ఈసారి పాఠాన్ని, మా సైట్‌లో కొత్తగా చేరిన ఒక కుర్ర ఇంజనీర్ మొదటి రోజుగా చెప్తాను. నేర్పింది నేను కాదు, మా పెద్ద ఫోర్‌మన్. అందరం మేస్త్రీ అనే పిలిచేవాళ్ళం.

ఆ రోజు స్లాబ్ కాంక్రీటు. ఎం25, అంటే 28 రోజులకి చదరపు మి.మీ.కి 25 న్యూటన్ల బలం రావాల్సింది, పంపుతో పోయాలి. స్లంప్ 100 అడిగాం, అటూ ఇటూ 25 వరకు పర్వాలేదు. ఆరు క్యూబిక్ మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్ వచ్చి ఆగీ ఆగగానే కుర్రాడు చూట్ కింద తట్ట పెట్టి, ముందుగా పడిన కాంక్రీటు పట్టి కోన్ నింపాడు. 150 వచ్చింది. "బాబాయ్, లోడ్ వెనక్కి పంపించేద్దాం" అన్నాడు. మేస్త్రీ కోన్ వైపు చూడలేదు, తట్టలో మిగిలినదాన్ని చేత్తో కెలికాడు. "ఇందులో కంకర ఏది బాబూ? పలచటి గుజ్జు తప్ప ఏముంది?" అన్నాడు.

దారిలో డ్రమ్ నెమ్మదిగా తిరుగుతుంటుంది, అందులో సరుకు సమంగా ఉండదు. ముందు పడేది ఒక్కోసారి గుజ్జు, ఒక్కోసారి వట్టి కంకర. చివర పడేదీ అంతే. మేస్త్రీ డ్రైవర్‌తో డ్రమ్‌ని రెండు మూడు నిమిషాలు పూర్తి వేగంతో తిప్పించి, ముందు కొంత పోయించేసి, ఆ తర్వాత మధ్యలో కాసేపు కాసేపు ఆగి మూడుసార్లు పట్టించాడు. పట్టినప్పుడల్లా చూట్‌లో ధార మొత్తాన్నీ పట్టాలి, అంచు నుంచి గీకకూడదు. మూడూ కలిపి, ముందే తడిపి ఉంచిన ఇనుప రేకు మీద వేసి పారతో మూడు నాలుగుసార్లు తిరగేయించాడు. అప్పుడు కోన్ నింపితే 110 వచ్చింది. లోడ్ బాగానే ఉంది. కాబట్టి మీరు అడిగిన 150, 100లలో ఏది నమ్మాలంటే, ఇలా కలిపిన శాంపిల్‌తో వచ్చినదాన్ని. రెండూ కలిపి సగటు తీయొద్దు.

ఆ 110 కూడా మొదటి దెబ్బకి రాలేదు. కుర్రాడు కోన్‌ని కొంచెం మెలితిప్పి లేపాడు, ఒక పక్క సగం ముక్క కిందికి జారిపోయింది. దాన్ని షియర్ స్లంప్ అంటారు, ఆ కొలత లెక్కలోకి రాదు. అదే శాంపిల్‌లోంచి ఇంకోసారి నింపి, రెండు నుంచి ఐదు సెకన్లలో నిట్టనిలువుగా లేపాలి. రెండోసారీ జారితే తప్పు మీ చేతిది కాదు, మిక్స్‌లో పట్టు లేదు, ఇసుక తక్కువై ఉండొచ్చు. అప్పుడు 'షియర్' అనే రాయండి, అంకె కల్పించి రాయకండి. మేస్త్రీకి ఇంకో అలవాటుంది, నాకూ అదే అబ్బింది. కొలత అయ్యాక కూలిన ముద్దని పక్క నుంచి రాడ్‌తో మెల్లగా తడతాడు. పట్టున్న కాంక్రీటు మొత్తంగా కదిలి నెమ్మదిగా కిందికి దిగుతుంది, పట్టులేనిది కంకర విడిపోయి రాలుతుంది. ఇది అంకె చెప్పని సంగతి చెప్తుంది.

ఇక క్యూబ్‌లు. అచ్చు శుభ్రంగా ఉండాలి, బోల్టులు బిగించాలి, నూనె పల్చగా రాయాలి, ఇవన్నీ మీకు తెలిసినవే. 150 మి.మీ. క్యూబ్‌కి మూడు పొరలు, చేత్తో పొడిస్తే పొరకి 35 పోట్లు. కోన్ 25, క్యూబ్ 35, ఈ రెండూ తారుమారు చేయకండి. స్లంప్ తీసిన ముద్దనే తీసి క్యూబ్‌లో వేయకండి, రేకు మీద మిగిలిన శాంపిల్‌లోంచి వేయండి.

కుర్రాడు మూడు క్యూబ్‌లు నింపడం మొదలుపెట్టాడు. రెండు ఓపికగా నింపాడు. మూడోది సగంలో ఉండగా రెండో లోడ్ హారన్ కొట్టింది. గబగబా నాలుగు పోట్లు పొడిచి, పైన తాపీతో నున్నగా చేసి లేచాడు. పై నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి. దీని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అంతకంటే పెద్ద విషయం ఆ వెంటనే జరిగింది.

పంపు ఆపరేటర్ "పైప్ బరువుగా లాగుతోంది, కొంచెం నీళ్ళు కొట్టండి" అన్నాడు. డ్రైవర్ గొట్టం డ్రమ్‌లో పెట్టేశాడు. కుర్రాడు పట్టించుకోలేదు, వాడి దృష్టిలో స్లంప్ అయిపోయింది, క్యూబ్‌లు అయిపోయాయి, తన పని పూర్తయింది. మేస్త్రీ పరుగున వెళ్ళి గొట్టం లాగేసి, మొదట డ్రైవర్‌ని కాదు, కుర్రాడినే పిలిచాడు. "ఆ క్యూబ్‌లు ఎవరివి బాబూ? ఈ స్లాబ్‌వా?"

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది, ఎన్ని సైట్లలో చూశానో ఈ పని. క్యూబ్‌లు తీసే దాకా అందరూ నియమం పాటిస్తారు, క్యూబ్‌లు పక్కన పెట్టగానే గొట్టం బయటికొస్తుంది. ఒకసారి లెక్క వేసి చూడండి. క్యూబిక్ మీటర్‌కి 350 కిలోల సిమెంటు అనుకుంటే ఆరు క్యూబిక్ మీటర్లకి 2100 కిలోలు. నీళ్ళు–సిమెంటు నిష్పత్తి 0.45 అయితే నీళ్ళు 945 లీటర్లు. గొట్టంతో ఓ 100 లీటర్లు పోశారనుకోండి, కొలిచేవాడు లేడు కాబట్టి అంత పోయడం పెద్ద విషయమేమీ కాదు. 1045 ని 2100 తో భాగిస్తే దాదాపు 0.50. మామూలు వాతావరణానికి మించి 'మోడరేట్' కింద వచ్చే ఆర్‌సీసీకి ఐఎస్ 456 పెట్టిన గరిష్ఠ హద్దు సరిగ్గా అదే. అంటే డిజైన్‌లో ఉంచుకున్న వెసులుబాటంతా ఒక్క గొట్టంతో అయిపోయింది, బలం కూడా సుమారు పదో వంతు తగ్గొచ్చు. మీ క్యూబ్‌లు మాత్రం 0.45 కాంక్రీటువి. 28 రోజుల తర్వాత అవి చక్కగా పాసవుతాయి, స్లాబ్‌లో ఉన్నది ఇంకో కాంక్రీటు. ఫెయిల్ అయిన క్యూబ్ కనీసం మనల్ని హెచ్చరిస్తుంది. ఇది అదీ చేయదు, పైగా రిజిస్టర్‌లో సంతకంతో సహా ఉంటుంది.

మరి పంపు నిజంగానే లాగకపోతే ఏం చేయాలి? ప్లాంటు టికెట్ చూడండి. ప్లాంటులో ఉద్దేశపూర్వకంగా ఆపి ఉంచిన నీళ్ళేమైనా టికెట్ మీద రాసి ఉంటే అంతవరకు, కొలిచి మాత్రమే పోయొచ్చు. లేకపోతే ప్లాంటు క్వాలిటీ మనిషికి ఫోన్ చేసి, మిక్స్‌లో వాడిన అడ్మిక్చర్ అనే రసాయనాన్నే, ఆయన చెప్పిన మోతాదులో వేయించి డ్రమ్ తిప్పించాలి. ఏది వేసినా సరే, మళ్ళీ శాంపిల్, మళ్ళీ స్లంప్, మళ్ళీ క్యూబ్‌లు. పాత మూడింటినీ పడేయక్కర్లేదు, 'కలపకముందు' అని రాసి పక్కన పెట్టండి. ఆ రోజు నీళ్ళు డ్రమ్‌లోకి కొంత వెళ్ళిపోయాయి, ఎంతో ఎవరికీ తెలీదు. మేస్త్రీ తిప్పించి మళ్ళీ స్లంప్ తీస్తే 135 వచ్చింది, అడిగినదానికి పైన. ఆ లోడ్‌ని స్లాబ్‌కి వాడనివ్వలేదు. కాంట్రాక్టర్‌తో చిన్న గొడవైంది కానీ మేస్త్రీ మాట నెగ్గింది. మిగతా పోత రెండో లోడ్ నుంచి జరిగింది, దానికి వేరే క్యూబ్‌లు తీశారు.

నింపిన అచ్చుల్ని కదలకుండా, నీడలో, తడి గోనె సంచి కింద ఒక రోజంతా ఉంచాలి. 27 డిగ్రీలకి రెండు డిగ్రీలు అటూ ఇటూ అన్నది నియమం. కుర్రాడు వాటిని చక్రాల బండిలో వేసి గతుకుల మీంచి స్టోర్‌కి తోసుకెళ్ళబోతే మేస్త్రీ ఆపాడు. అప్పుడే నింపిన క్యూబ్‌ని కుదిపితే కంకర అడుక్కి, నీళ్ళు పైకి చేరతాయి. నింపిన చోటే ఉంచడం మేలు, అంటే ముందే చోటు చూసుకుని నింపాలి. 24 గంటలకి అచ్చు విప్పి, నంబర్ రాసి, నీళ్ళ ట్యాంకులో వేయాలి.

ఇక ఆ మూడో క్యూబ్. లోడ్ వాడకపోయినా ఆ మూడు క్యూబ్‌లనీ మేస్త్రీ కావాలనే పారేయించలేదు. మర్నాడు విప్పితే మూడోదాని కింది మూలలో గుల్ల, కంకర మధ్య చిన్న చిన్న ఖాళీలు. అప్పుడే తూకం వేశాం. నా సైట్‌లో ప్రతి క్యూబ్‌ని తూచాల్సిందే, చాలామంది తూచరు. 8.20, 8.22, మూడోది 7.86 కిలోలు. 150 మి.మీ. క్యూబ్ ఎనిమిది కిలోలకి కాస్త పైన తూగాలి. మూడోది దాదాపు 4 శాతం తక్కువ, అంటే ఆ మేర లోపల గాలి. ఒక్క శాతం ఖాళీకి బలం సుమారు 5 శాతం పోతుందని లెక్క. 28 రోజులకి పగలగొడితే 640, 655, 490 కిలోన్యూటన్లు. క్యూబ్ ముఖం 22,500 చదరపు మి.మీ., కాబట్టి బలం చదరపు మి.మీ.కి 28.4, 29.1, 21.8 న్యూటన్లు. సగటు 26.4. ఎం25కి సగటు చూసి సంతోషపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. కానీ ఏ క్యూబూ సగటుకి 15 శాతం దాటి తేడా ఉండకూడదు. 26.4లో 15 శాతం దాదాపు 4, కింది హద్దు 22.5. మూడోది బయట పడింది, మొత్తం శాంపిలే చెల్లదు. మిగతా రెండింటి సగటు రాసుకుందాం అని కుర్రాడు అడిగాడు. కుదరదు. కాంక్రీటు మంచిదే అయినా దాన్ని నిరూపించే కాగితం మన చేతిలో లేదు.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. ఒకే లోడ్‌లో మధ్య భాగం నుంచి సరిగ్గా కలిపిన శాంపిల్ తీసుకుని ఆరు క్యూబ్‌లు నింపండి. మూడింటికి పొరకి 35 పోట్లు, మిగతా మూడింటికి 10 పోట్లు. ఇవి సైట్ రిజిస్టర్‌లోకి వెళ్ళకూడదు, ముందే 'అభ్యాసం' అని రాసి పెట్టుకోండి. విప్పగానే ఆరూ తూచి, తూకం చూసి 7 రోజుల బలం ఏది ఎంత తక్కువ వస్తుందో పగలగొట్టకముందే కాగితం మీద రాయండి. తర్వాత పగలగొట్టి పోల్చండి. తూకాలు, మీరు వేసిన అంచనాలు, మిషన్ చూపిన కిలోన్యూటన్లు మూడూ పక్కపక్కనే రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడతాను.