రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ ఎలా చేయించుకోవాలి? రెండూ ఎందుకు కావాలి?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి, దస్తావేజు చేతికి రాగానే పొలం మన పేరు మీదకు వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. హక్కు వచ్చిన మాట నిజమే. కానీ రెవెన్యూ రికార్డులో పేరు మారడం వేరే పని, దాన్ని చూసేది తహసీల్దార్. దస్తావేజు నుంచి హక్కు వస్తుంది, మ్యుటేషన్‌తో ఆ హక్కు ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చూపే 1-బీలో, సాగు వివరాలు రాసే అడంగల్‌లో, పాసుపుస్తకంలో కనిపిస్తుంది. 1-బీలో పేరున్నంత మాత్రాన పొలం సొంతం కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అలాగని దాన్ని వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం.

అనంతపురం జిల్లాలో ఒక రైతు చీనీ తోట పెట్టుకుందామని పొలం చూశాడనుకోండి. సర్వే నంబరు 214లో అమ్మే ఆయన పేరు మీద 1-బీలో 3 ఎకరాలు ఉంది. అందులో 2 ఎకరాల 20 సెంట్లకు బేరం కుదిరింది. 1-బీ మాత్రమే చూస్తే ఇబ్బందేమీ లేదు, ఇంకా 80 సెంట్లు ఆయనకే మిగులుతుంది.

ఆ నంబరు మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ తీయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. అదే సర్వే నంబరులో ఆయన 2016లోనే ఒక ఎకరా వేరొకరికి రిజిస్టర్ చేసిచ్చాడు. కొన్నవాళ్లు మ్యుటేషన్ చేయించుకోలేదు కాబట్టి 1-బీలో ఆ ఎకరా ఆయన పేరు మీదే నిలిచిపోయింది. నిజానికి ఆయనకున్నది 2 ఎకరాలే. మన రైతు డబ్బు కట్టబోతున్న దాంట్లో 20 సెంట్లు ఆయన అమ్మగలిగిన భూమే కాదు. తగాదా వస్తే ముందు రిజిస్టర్ అయిన దస్తావేజుకే బలం. అట్లని ఆ పాత కొనుగోలుదారుడు నిశ్చింతగా ఉన్నట్టు కాదు. తన ఎకరా మీద అమ్మిన ఆయనకు బ్యాంకు పంట రుణం ఇచ్చి ఉండొచ్చు. రేపు రోడ్డుకు భూమి తీసుకుంటే నోటీసు కూడా ఆయన పేరు మీదే వస్తుంది.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే 1-బీ, ఈసీ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. 1-బీ, అడంగల్ మీభూమి సైట్‌లో (meebhoomi.ap.gov.in) కనిపిస్తాయి. అడంగల్‌లో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వేర్వేరుగా ఉంటే కారణం అడగండి. ఈసీని సర్వే నంబరు మీద కనీసం 30 ఏళ్లకు తీయించండి. 1-బీలోని విస్తీర్ణంలోంచి ఈసీలో కనిపించిన, ఇంకా మ్యుటేషన్ కాని పాత అమ్మకాలు తీసేసి, ఎంత మిగిలిందో మీరే లెక్కవేయండి. నోటిమాట ఒప్పందాలు, రిజిస్టర్ కాని కాగితాలు ఈసీలో రావు కాబట్టి చుట్టుపక్కల రైతులతో కూడా మాట్లాడాలి. ఆ నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో లేదని నిర్ధారించుకోండి.

లెక్క చూసి బేరాన్ని ఆయనకు మిగిలిన 2 ఎకరాలకు తగ్గించుకున్నాక సర్వేయరుతో కొలిపించి, నాలుగు వైపులా చెక్కుబంది దస్తావేజులో స్పష్టంగా రాయించండి. నంబరులో కొంత భాగమే కొంటున్నప్పుడు ఇది తప్పనిసరి. ఏ మూల 2 ఎకరాలో తేలకపోతే మ్యుటేషన్ అక్కడే ఆగిపోతుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక 90 రోజుల్లోపు తహసీల్దార్‌కు తెలియజేయాలని 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ వివరాలు ఆన్‌లైన్‌లో వెళ్తాయి కదా అని ఊరుకోకండి. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టి, రసీదు దాచుకోండి. దస్తావేజు నకలు, ఆధార్, ఈసీ జతచేయండి. నంబరులో భాగం కొన్నవాళ్లు మ్యుటేషన్‌తో పాటు సబ్ డివిజన్ కూడా కావాలని దరఖాస్తులోనే అడగాలి. చాలామంది దగ్గర తప్పిపోయేది ఇదే. సబ్ డివిజన్ జరిగితేనే మీ ముక్కకు విడిగా నంబరు వస్తుంది. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు ఉంటుంది. దస్తావేజులో అదే ఉండేలా చూసుకోండి.

తర్వాత అమ్మినవారికీ, సంబంధం ఉన్న ఇతరులకూ నోటీసులు వెళ్తాయి, వీఆర్వో విచారణ చేస్తారు. అన్నదమ్ముల భాగపరిష్కారం తేలని భూమి అయితే అభ్యంతరం వచ్చేది ఈ దశలోనే. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసిన ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి. దాని మీద 60 రోజుల్లో ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. హక్కు మీదే తగాదా ఉంటే మాత్రం సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే.

మంజూరైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చినా మీ 1-బీతో పాటు అమ్మిన ఆయన 1-బీ కూడా తీసి చూడండి. మీ ఖాతాలో 2 ఎకరాలు చేరి, ఆయన ఖాతాలో అంతే తగ్గి ఉండాలి. ఆయన దాంట్లో తగ్గలేదంటే ఆ భూమిని ఇంకొకరికి చూపించే వీలు ఇంకా ఉన్నట్టే. వెంటనే తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.